విడి పోటీలు లేని ఆటల రోజు: కోనసీమ హైస్కూల్లో డిసెంబరు నుంచి జనవరి దాకా వేసుకున్న ప్లాన్

మాది కోనసీమలో కాలవ గట్టును ఆనుకుని ఉన్న జిల్లా పరిషత్ హైస్కూలు. నేను అక్కడ ఆటలు నేర్పే పీడీని. ఆటల పోటీల రోజున వైకల్యం ఉన్న పిల్లలకు ఏం చేస్తారో చాలా స్కూళ్లలో చూశాను. అన్ని పోటీలూ అయిపోయాక, మైకు వాడు వైర్లు చుట్టుకునే వేళకి, వాళ్లకో కుర్చీలాట పెడతారు. ఆడినవాళ్లందరికీ ఒకే రకం స్టీలు గిన్నె ఇచ్చి ఫొటో తీస్తారు. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండలంలో నడిచే భవిత కేంద్రంలో వాళ్లకి పాఠాలు చెప్పే ఐఈఆర్టీ మేడం ఈసారి ఆ పద్ధతికి ఒప్పుకోలేదు. "గిన్నెలు ఇళ్లలో బోలెడున్నాయండి, ఓడిపోయే అవకాశం కూడా ఇవ్వండి వాళ్లకి" అన్నారు. అందుకని విడి పోటీ ఒక్కటీ పెట్టకూడదని, పెట్టిన ప్రతి పోటీలోనూ పాల్గొన్న ప్రతి ఒక్కరూ గెలవడానికీ ఓడడానికీ వీలుండాలని అనుకున్నాం.

ఆరు నుంచి తొమ్మిదో తరగతి దాకా నూటయాభై మంది పైచిలుకు పిల్లలు. వైకల్యం ఉన్నవాళ్లు మా స్కూల్లో ఎనిమిది మంది, భవిత కేంద్రం నుంచి వచ్చేవాళ్లు ఐదుగురు.

తేదీ ఎందుకు జనవరి ఆఖరి శనివారం

డెల్టాలో ఆటల పోటీల తేదీ ఎప్పుడన్నది పొలం పనులే చెబుతాయి. నవంబరు, డిసెంబరుల్లో సార్వా కోతలు, నూర్పిళ్లు. చదునుగా ఉన్న చోటల్లా ధాన్యం ఎండబోస్తారు, స్కూలు గ్రౌండూ దానికి మినహాయింపు కాదు. అదే సమయంలో వాయుగుండం పట్టిందంటే నల్లమట్టి వారం దాకా ఆరదు. జనవరి మధ్యలో సంక్రాంతి సెలవులు. ఆ నెలంతా దాళ్వా నాట్లు ఉంటాయి కాబట్టి కూలికి వెళ్లే తల్లులు నెలాఖరుకు గానీ తీరుబడి కారు. ఫిబ్రవరి దాటితే ఎండ ముదురుతుంది, టెన్త్ పరీక్షల హడావుడి మొదలవుతుంది. ఇవన్నీ తీసేస్తే మిగిలింది జనవరి ఆఖరి శనివారం. అక్కణ్ణుంచి వెనక్కి ఎనిమిది వారాలు లెక్కపెడితే పని మొదలెట్టాల్సింది డిసెంబరు మొదటి వారంలో. ఆ ఎనిమిదింటిలో సెలవులకి ఒకటి పూర్తిగా పోతుంది. ఆ వారం తర్వాత పిల్లలు నేర్చుకున్నదాంట్లో సగం మరిచిపోయి వస్తారు. దీన్ని ముందే లెక్కలో వేసుకోవాలి.

డిసెంబరు మొదటి రెండు వారాలు: పిల్లల పట్టిక

ఏ ఆటలు పెట్టాలన్న మాట ఈ రెండు వారాల్లో ఎత్తలేదు. ముందు ఒక్కో పిల్లకి ఒక్కో కాగితం రాశాం. సదరం సర్టిఫికెట్‌లో వైకల్యం ఎంత శాతమో ఉంటుంది. ఆ శాతం పింఛనుకి పనికొస్తుంది గానీ ఆటకి పనికిరాదు. మాకు కావలసినవి వేరు: ఆగకుండా ఎంత దూరం కదలగలదు, ఏ చేత్తో పట్టుకోగలదు, పట్టుకున్నది వదలగలదా, ఎంత దూరం నుంచి మనిషిని గుర్తుపడుతుంది, వెనక నుంచి పిలిస్తే వినిపిస్తుందా, ఒకేసారి ఎన్ని మాటల సూచన అర్థమవుతుంది, దేనికి భయపడుతుంది.

"పట్టుకున్నది వదలగలదా" అన్న ప్రశ్న చిన్నదిగా కనిపిస్తుంది. సెరెబ్రల్ పాల్సీ ఉన్న ఏడో తరగతి అమ్మాయి బంతిని గట్టిగానే పట్టుకునేది. విసరమంటే చెయ్యి ముందుకు వెళ్లేది గానీ వేళ్లు విచ్చుకునేవి కావు. బంతి చేతిలోనే ఉండిపోయేది, లేదా ఆలస్యంగా జారి కాళ్ల దగ్గర పడేది. బయటి నుంచి చూసినవాళ్లకి ఆ పిల్లకి విసరడం రాదనిపిస్తుంది. బల్ల మీద పెట్టిన బంతిని మాత్రం మణికట్టుతో కచ్చితంగా తోసేది. ఆ ఒక్క గమనిక వల్లే మా రెండో ఆట పుట్టింది.

అదే కాగితం వెనక ప్రమాదాల సంగతి రాశాం. దీన్ని ఇంట్లోవాళ్లని అడిగి, అవసరమైతే డాక్టరు మాట తీసుకుని రాయాలి, ఊహించి రాయకూడదు. డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల్లో కొందరికి మెడలో పై రెండు పూసల మధ్య పట్టు వదులుగా ఉంటుంది. అలాంటివాళ్లు పిల్లిమొగ్గలు వేసినా, తల కింద ఆనేలా పడినా వెన్నుపాముకి దెబ్బ తగలొచ్చు. అందుకని పిల్లిమొగ్గ ఉన్న ఆటలన్నీ అప్పుడే కొట్టేశాం. పుట్టుకతోనే వెన్నెముక సరిగ్గా మూసుకోని స్పైనా బైఫిడా ఉన్న పిల్లల్లో లేటెక్స్ రబ్బరుకి ఎలర్జీ మిగతావాళ్లకంటే ఎక్కువ. కాబట్టి బెలూన్లు పగలగొట్టే ఆట పోయింది, గేటు దగ్గర బెలూన్ల అలంకరణ కూడా పోయింది. ఫిట్స్ వచ్చే అబ్బాయి ఒకడున్నాడు. వాడి మందు వేళ, చివరిసారి ఫిట్స్ ఎప్పుడొచ్చాయన్నది రాసుకున్నాం. వాలంటీర్లకి ఒకటే చెప్పాం. ఫిట్స్ వస్తే చేతిలో తాళాలు పెట్టొద్దు, నోట్లో ఏమీ కుక్కొద్దు, పక్కకి తిప్పి పడుకోబెట్టి తల కింద ఏదైనా మెత్తగా పెట్టండి, గడియారం చూడండి, ఐదు నిమిషాలు దాటితే 108కి ఫోన్ చేయండి. చెప్పింది చాలదు, అందరి చేతా ఒకసారి చేయించి చూడాలి. తాళాల గుత్తి కోసం జేబు తడుముకునే పెద్దమనిషి ఏ ఊళ్లోనైనా ఒకడుంటాడు.

యాభై మీటర్ల పరుగు: జట్లు ఎలా కట్టాం

పట్టిక పూర్తయ్యాక మూడే ఆటలు తేల్చుకున్నాం: యాభై మీటర్ల పరుగు, కూర్చుని బంతిని గురి దగ్గరికి చేర్చే ఆట, కలగలుపు రిలే. ఎక్కువ ఆటలు పెడితే ఒక్కోదానికి సాధన తగ్గుతుంది. సాధన లేకుండా సరిగ్గా ఆడలేనివాళ్లు ఎవరంటే ఈ పదమూడు మందే.

పరుగులో చిక్కల్లా ఎవరిని ఎవరి పక్కన నిలబెట్టాలన్నదే. మేధోపరమైన వైకల్యం ఉన్నవాళ్ల కోసం జరిగే స్పెషల్ ఒలింపిక్స్‌లో దీనికో పద్ధతి ఉంది. ముందు వయసు, ఆడా మగా చూస్తారు. తర్వాత ప్రాథమిక పరుగు పెట్టి, అందులో వచ్చిన టైముని బట్టి దగ్గర దగ్గర వాళ్లని ఒక జట్టు చేస్తారు. జట్టులో అందరికంటే వేగంగా వచ్చినవాడికీ, ఆఖరున వచ్చినవాడికీ తేడా పదిహేను శాతం దాటకుండా చూస్తారు. అది ఇనుప నియమం కాదు, దారి చూపించే లెక్క. మేం దాన్ని వైకల్యం ఉన్నా లేకున్నా పిల్లలందరికీ వాడాం.

మచ్చుకి తొమ్మిది మంది టైములు చూడండి. సెకన్లలో అవి 9.1, 9.8, 10.2, 12.4, 13.0, 13.9, 17.5, 19.0, 24.0. మొదటివాడి 9.1కి పదిహేను శాతం కలిపితే దాదాపు 10.5. అంటే 10.2 దాకా ఒక జట్టు. తర్వాత 12.4కి కలిపితే సుమారు 14.3, కాబట్టి 13.9 దాకా రెండో జట్టు. 17.5కి కలిపితే సుమారు 20.1, అందులోకి 19.0 వస్తాడు. 24.0 మిగిలిపోతాడు. ఈ మిగిలిపోయినవాడి దగ్గరే చాలామంది చేతులెత్తేసి, వాణ్ణి ఒంటరిగా పరిగెత్తించి చప్పట్లు కొడతారు.

మేం ఆఖరి ముగ్గురికీ స్టార్టు వేరు చేశాం. 24 సెకన్లవాడు ముందు బయల్దేరాడు. ఐదు సెకన్ల తర్వాత 19 సెకన్లవాడు, మరో సెకనున్నర తర్వాత 17.5 సెకన్ల అమ్మాయి. ఎవరి మామూలు వేగంతో వాళ్లు పరిగెడితే ముగ్గురూ గీత దగ్గరికి ఒకేసారి చేరాలి. ఆ రోజు ఎవరు ఓ పిసరు ఎక్కువ పరిగెడితే వాళ్లదే గెలుపు. ఇక్కడ ఒక మాట చెప్పాలి. 24 సెకన్ల అబ్బాయికి డౌన్ సిండ్రోమ్, 17.5 సెకన్ల అమ్మాయి కాళ్లు బిగుసుకుని నడుస్తుంది. మధ్యవాడికి ఏ వైకల్యమూ లేదు, ఒళ్లు బరువు, అంతే. ప్రతి ఏడాదీ పరుగు రోజున కడుపునొప్పి అని ఇంట్లో ఉండిపోయేవాడు. ఈసారి వచ్చాడు.

ఈ పద్ధతిలో మోసం చేయడం సులువని పిల్లలు రెండో రోజుకే కనిపెట్టారు. ప్రాథమిక పరుగులో నెమ్మదిగా వస్తే బలహీనుల జట్టులో పడొచ్చు. అందుకని సంక్రాంతికి ముందు ఒకసారి, తర్వాత ఒకసారి టైము తీసి, రెండింటిలో మంచిది తీసుకున్నాం. ఒకడికి మొదట 15.2, తర్వాత 12.6 వస్తే ఎవరైనా పట్టేస్తారు. ఫైనల్లో తన మంచి టైముకంటే పదిహేను శాతం మించి వేగంగా వస్తే స్థానం ఇవ్వబోమని కూడా ముందే ప్రకటించాం. స్పెషల్ ఒలింపిక్స్‌లోనూ ఇలాంటి నిబంధన ఉంది. అయితే దీన్ని గుడ్డిగా అమలు చేయకూడదు. పరుగంటే ఏమిటో ఆ రోజే అర్థమైన పిల్ల నిజాయితీగానే ఒక్కసారిగా వేగం పెంచుతుంది. అలాంటివాళ్ల విషయంలో తరగతి టీచరు మాట విన్నాం.

స్టార్టు దగ్గర ఇంకో చిన్న సంగతి. వినపడని అమ్మాయికి జెండా ఊపితే సరిపోతుందనుకుంటారు. స్టార్టరు పక్కన నిలబడి ఊపితే ఆ పిల్ల తల పక్కకి తిప్పి చూడాలి, అలా చూస్తూ బయల్దేరితే మొదటి అడుగు తప్పుతుంది. అందుకని జెండా మనిషిని గీతకి పది మీటర్లు ముందు, దారికి పక్కగా నిలబెట్టాం. విజిలూ జెండా ఒకేసారి. చూపు లేని ఎనిమిదో తరగతి అబ్బాయి తోడు పరుగుగాడితో పరిగెత్తాడు. ఇద్దరి చేతుల్లో మెత్తటి తాడు ఉచ్చు, జానెడు కంటే కాస్త ఎక్కువ. తోడుగా వచ్చేవాడు వాడికంటే బాగా వేగంగా పరిగెత్తగలిగినవాడై ఉండాలి, లేకపోతే మాట చెబుతూ పరిగెత్తలేడు. తాడుతో లాగకూడదు, గీత మాత్రం వాడికంటే ముందు దాటకూడదు. మొదటి వారమంతా వాళ్లు నడిచారు, పరిగెత్తలేదు.

కూర్చుని ఆడే బంతి: బోషియా

బోషియా పారాలింపిక్ ఆట. తెల్ల బంతి ఒకటి ముందు వేస్తారు. ఎర్ర జట్టు ఆరు, నీలం జట్టు ఆరు బంతులు దానికి దగ్గరగా చేర్చాలి. అవతలివాళ్ల దగ్గరి బంతికంటే దగ్గరగా ఉన్న మన ప్రతి బంతికీ ఒక పాయింటు. అసలు కోర్టు 12.5 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పు. మా మధ్యాహ్న భోజనం షెడ్డులో అంత చోటు లేదు. దాదాపు అదే నిష్పత్తిలో కుదించి పదికి ఐదు మీటర్ల చొప్పున రెండు కోర్టులు సుద్దతో గీశాం. చూపు లేనివాడు తడిమి తెలుసుకోవడానికి ఆటగాళ్ల గడుల గీతల కింద కొబ్బరి తాడు పరిచి పైన టేపు వేశాం.

అసలు బంతులు ఖరీదు. పాత టెన్నిస్ బంతికి గాటు పెట్టి ఇసుక నింపి, కుట్టి, రంగు టేపు చుట్టాం. బోషియా బంతి బరువు సుమారు 275 గ్రాములు ఉంటుంది, మావి అంత తూగలేదు, కానీ సిమెంటు నేల మీద దొర్లి ఆగడానికి ఆ బరువు చాలింది. ఇసుక ఎండినదై ఉండాలి. తడి ఇసుక లోపల ఒక పక్కకి గడ్డకట్టి బంతి వంకరగా పోతుంది.

వేళ్లు విచ్చుకోని అమ్మాయి కోసం నాలుగంగుళాల పీవీసీ పైపుని నిలువునా రెండుగా కోయించి, మీటరున్నర బద్దని స్టాండు మీద వాలుగా నిలిపాం. బంతిని పైపు మీద పెట్టేది సహాయకురాలు, మణికట్టుతో తోసేది అమ్మాయి. ఎంత ఎత్తు నుంచి, ఎటువైపు అన్నది అమ్మాయే చెప్పాలి. నిబంధన ప్రకారం సహాయకురాలు కోర్టుకి వీపు పెట్టి కూర్చోవాలి, వెనక్కి తిరిగి చూడకూడదు. ఆ అమ్మాయికి సహాయకురాలు వాళ్ల అమ్మే. మొదటి రోజు సాధనలో ఆవిడ మెడ తిప్పకుండా ఉండలేకపోయింది. "కొంచెం ఇటు పెట్టనీయండి మేడం, పాపం దానికి తెలీదు" అని పైపు తానే జరిపేది. ఐఈఆర్టీ మేడం పైపు యథాస్థానానికి తెచ్చి, "ఎటు జరపాలో దాన్నే చెప్పనివ్వమ్మా" అని కూర్చున్నారు. అమ్మాయి మాట స్పష్టంగా రాదు. కుడికి ఒక శబ్దం, ఎడమకి ఒకటి, ఆపడానికి కళ్లు మూయడం, ఇలా వాళ్లిద్దరి మధ్యే ఒక లెక్క కుదరడానికి రెండు వారాలు పట్టింది. ఆట సరంజామా ఒక పూటలో తయారవుతుంది. ఈ లెక్క కుదరడానికి పట్టే కాలాన్నే ప్లానులో పెట్టుకోవాలి.

జట్టుకి ముగ్గురు. అందరూ కుర్చీల్లో కూర్చునే ఆడాలన్నది మా నియమం, పరుగులో ఫస్టు వచ్చేవాడైనా సరే. ఎనిమిది జట్లు, నాకౌట్. ఒక్కో మ్యాచిలో రెండు జట్లూ తమ బంతులన్నీ నాలుగుసార్లు వేయాలి, సుమారు పాతిక నిమిషాలు. రెండు కోర్టుల మీద మొదటి రౌండు రెండు విడతలు, సెమీస్ ఒక విడత, ఫైనల్ ఒకటి. మొత్తం వంద నిమిషాలు. కాగితం మీద లెక్క ఇది. జట్లు మారడం, వీల్‌చైర్ సర్దడం, బంతులు ఏరడం కలిపితే రెండున్నర గంటలు కేటాయించాలి. మేం అంతే పెట్టాం, సరిగ్గా సరిపోయింది.

సంక్రాంతి తర్వాత రెండు వారాలు: దారులు, గట్టు, మైకు

నల్లమట్టి గ్రౌండులో వీల్‌చైర్ చిన్న ముందు చక్రాలు దిగబడిపోతాయి. పైకి పొడిగా కనిపించినా అంతే. అందుకని పరుగు దారిని గేటు నుంచి లోపలికొచ్చే సిమెంటు రోడ్డు పక్కనే వేశాం. పరిగెత్తేవాళ్లు మట్టి మీద, వీల్‌చైర్ పిల్లలు రోడ్డు మీద, రెండింటికీ అడ్డంగా ఒకటే ఆఖరి తాడు.

మరుగుదొడ్డి గడప ఎత్తు పదిహేను సెంటీమీటర్లు. ఒకటికి పన్నెండు వాలు ఉండాలంటే చెక్క 180 సెంటీమీటర్ల పొడవు కావాలి. వడ్రంగి మూడడుగుల చెక్క చాలన్నాడు. దాని మీద వీల్‌చైర్‌లో అతన్నే కూర్చోబెట్టి వెనక్కి దింపి చూపించాక కొలత ఒప్పుకున్నాడు.

కాలవ వైపు ప్రహరీ సగమే ఉంది. ఆటిజం ఉన్న పిల్లల్లో కొందరు నీటి వైపు ఆకర్షితులై ఎవరికీ చెప్పకుండా వెళ్లిపోతుంటారు. డెల్టాలో ఈ ఒక్క విషయం దగ్గర ఏ సడలింపూ ఉండకూడదు. సరుగుడు కర్రలు పాతి వల కట్టాం. అక్కడ ఇద్దరు పెద్దవాళ్లని పెట్టాం, వాళ్లకి ఇంకే పనీ చెప్పలేదు. ముఖ్య అతిథి వచ్చినా అక్కణ్ణుంచి కదలొద్దన్నాం.

మైకు సెట్టు వాడితో రాతపూర్వకంగానే ఒప్పుకున్నాం. పాటలు పరుగు పందేల మధ్యలో మాత్రమే, బోషియా జరిగేటప్పుడు పూర్తిగా బందు. చూపు లేని ఆటగాడికి తెల్ల బంతి దగ్గర నిలబడి చప్పట్లు కొట్టి దిశ తెలియజేస్తారు. పెద్ద సౌండు బాక్సు మోగితే ఆ చప్పట్లు వినపడవు. శబ్దం భరించలేని పిల్లల కోసం ఆఫీసు వెనక గదిని ఖాళీ చేసి, చాప వేసి, తలుపు దగ్గరికి వేసి ఉంచాం.

మూడు రోజుల ముందు పూర్తి రిహార్సల్. అందులో బయటపడ్డది రవాణా సంగతి. మామూలు ఆటోలో వీల్‌చైర్ మడిచినా పట్టలేదు. భవిత పిల్లలకి ట్రాలీ ఆటో ఒకటి మాట్లాడుకున్నాం, ప్రతి పిల్ల వెంటా ఒక పెద్దమనిషి. ఒకమ్మాయి ఇల్లు కాలవ అవతల, కర్రల వంతెన దాటాలి. వాళ్ల మావయ్య ఎత్తుకుని ఇవతలికి తెచ్చే ఏర్పాటు ఉంది గానీ, కుర్చీ ముందే ఇవతల సిద్ధంగా ఉండాలి.

ఆ రోజు

పొద్దున్నే మంచు, గడ్డి తడి. తొమ్మిదింపావుకి ముందు పరుగు పెట్టకూడదని ముందే అనుకున్నాం. తొమ్మిదింపావు నుంచి పదిన్నర దాకా పరుగు, విరామం, పదకొండు నుంచి ఒంటిగంటన్నర దాకా షెడ్డు నీడలో బోషియా, భోజనం, రెండున్నరకి రిలే, మూడింటికి బహుమతులు. అతిథుల ప్రసంగాలు బహుమతుల దగ్గరే పెట్టాం. పొద్దున పెడితే గంట ఆలస్యమవుతుంది, ఆ గంటా ఎండలో కూర్చోలేనివాళ్లు కూర్చోవాల్సి వస్తుంది. ఒక పెద్దాయన పదింటికే వచ్చి మాట్లాడతానన్నారు. హెడ్మాస్టరు గారు ఆయన చేతికి ఆఖరి తాడు ఒక కొస ఇచ్చి నిలబెట్టారు. ఆయనకీ బాగానే నచ్చింది.

వేరు వేరు స్టార్టుల పరుగులో ముగ్గురూ ఒక సెకను తేడాలో గీత దాటారు. గెలిచింది మధ్యవాడు. డౌన్ సిండ్రోమ్ అబ్బాయి మూడో స్థానంలో వచ్చి మొహం ముడుచుకున్నాడు, వాళ్ల నాన్న "ఓడిపోయావు, ఏం చేస్తాం, మళ్లీ ఏడాది చూద్దాంలే" అన్నాడు. పక్కనున్న టీచరు వాడికీ ఒక కప్పు ఇద్దామంటే నేను వద్దన్నాను.

ఆటిజం ఉన్న ఇద్దరిలో ఒకడు మొదటి విజిల్‌కే చెవులు మూసుకుని గదిలోకి వెళ్లి, మధ్యాహ్నం దాకా రాలేదు. రిలేకి మాత్రం వచ్చాడు, బ్యాటన్ తీసుకున్నాడు, అవతలివాడికి ఇవ్వకుండా తనే చివరి దాకా పట్టుకెళ్లాడు. ఆ జట్టుకి స్థానం పోయింది. వాళ్లలో ఒకమ్మాయి బాగా ఏడ్చింది కూడా. రిలే జట్లు నలుగురి యాభై మీటర్ల టైముల మొత్తం దగ్గర దగ్గరగా వచ్చేలా కట్టినవే, కాబట్టి గెలిచే అవకాశం వాళ్లకి ఉండేది. బ్యాటన్ బదులు చెయ్యి తడితే సరిపోయే పద్ధతి ఆ అబ్బాయికి తేలిక. వచ్చే ఏడాది అన్ని జట్లకీ అదే.

టైములు, జట్లు, పైపు వాలు ఎత్తులు, ఎవరికి ఏ సైగ అన్నదంతా ఒక లాంగ్ నోట్‌బుక్‌లో రాసి పీడీ బీరువాలో పెట్టాం. పిల్లల ఆరోగ్య కాగితాలు మాత్రం అందులో లేవు, అవి హెడ్మాస్టరు గారి దగ్గర తాళం వేసిన సొరుగులో ఉన్నాయి. నాకు బదిలీ అయితే కొత్తగా వచ్చే పీడీ డిసెంబరులో ఆ నోట్‌బుక్ తీసి, ముందు పాత టైములు కొట్టేసి, ప్రతి పిల్లకీ కొత్తగా టైము తీయాలి. ఈ వయసు పిల్లలకి ఏడాది నాటి టైము పనికిరాదు.